నేల వాలుగా ఉన్న పూల్‌లో, కుంటలో నీళ్లెన్ని? సగటు లోతుతో లెక్క కట్టే పద్ధతి

పూల్‌లో క్లోరిన్ వేయాలన్నా, చేపల కుంటలో మందు కలపాలన్నా ముందు తేలాల్సింది ఒకటే. లోపల ఎన్ని లీటర్ల నీళ్లున్నాయి? నేల సమంగా ఉంటే పొడవు, వెడల్పు, లోతు గుణించేస్తే పనైపోతుంది. కానీ చాలా పూల్స్‌లో ఒక కొసన నీళ్లు నడుము దాకా ఉంటే, ఇంకో కొసన తల మునిగేంత ఉంటాయి. అలాంటప్పుడు అందరూ చెప్పే చిట్కా, రెండు కొసల లోతులు కూడి రెండుతో భాగించి, వచ్చిన సగటును లోతుగా తీసుకోమని.

చిట్కా మంచిదే. కాకపోతే అది కొన్ని పూల్స్‌కు అచ్చంగా సరిపోతుంది, కొన్నింటికి ఆరేడు శాతం తప్పుతుంది, గట్లు వాలుగా ఉన్న కుంటల్లో అయితే పావు వంతు దాకా తప్పు చూపిస్తుంది. మీది ఏ రకమో తెలుసుకోవడం, తేడా ఉంటే సరిచేసుకోవడం ఎలాగో ఒక పూల్, ఒక కుంట తీసుకుని చివరి దాకా లెక్క చేసి చూద్దాం. ఇక్కడ లోతు తక్కువగా ఉన్న వైపును మెరక కొస అనీ, ఎక్కువగా ఉన్న వైపును లోతు కొస అనీ అంటాను.

మొదటి మెట్టు: కొలతలు

పొడవు, వెడల్పు నీటి అంచు నుంచి నీటి అంచు దాకా కొలవాలి. పైన గట్టు మీద పరిచిన రాళ్ల అంచు నీళ్ల మీదికి కాస్త ముందుకు వచ్చి ఉంటుంది, దాన్ని బట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. టేపును ఇద్దరు చెరో వైపు పట్టుకుని, నడుమ జారిపోకుండా బిగించి లాగాలి. పొడవు ఎప్పుడూ నీటి మట్టం మీదే కొలవాలి, నేల వాలు వెంబడి కాదు. ఖాళీ పూల్‌లో దిగి నేల మీద టేపు పరిస్తే వాలు పొడవు కూడా కలిసి కొలత పెరుగుతుంది.

లోతు విషయంలో రెండు జాగ్రత్తలు. ఒకటి, కావాల్సింది నీళ్ల లోతు, గోడ ఎత్తు కాదు. గోడ మీద రాసిన అంకెనో, కట్టినప్పటి ప్లాన్‌లో ఉన్న అంకెనో నమ్మి లెక్క వేస్తే నీటి మట్టానికి పైన ఖాళీగా ఉన్న భాగం కూడా నీళ్ల కింద జమ అవుతుంది. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున్న పూల్‌లో ఆ ఖాళీ పది సెంటీమీటర్లు ఉందనుకోండి, 5,000 లీటర్లు లేని నీళ్లు లెక్కలోకి వచ్చేస్తాయి.

రెండోది, లోతును కంటితో అంచనా వేయకూడదు. నీళ్లలోకి నిట్టనిలువుగా చూసినా నేల అసలు లోతులో ముప్పావు వంతు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి వచ్చినట్టుంటుంది. పూల్ దిగిన కొత్తవాళ్లు కాలు అందదేమిటని కంగారు పడేది ఇందుకే.

కొలవడానికి నిటారైన కర్ర మీద సెంటీమీటర్ల గీతలు పెట్టుకుంటే చాలు. కుంటలో అయితే కర్ర కొసకు అరచేయంత చదునైన పలక బిగించాలి. లేకపోతే కర్ర మొన బురదలోకి దిగిపోయి, ఐదారు సెంటీమీటర్ల బురద కూడా నీళ్ల లెక్కలో పడుతుంది. బరువు కట్టిన తాడు కూడా పనికొస్తుంది కానీ, తాడు తడిసి సాగకుండా చూసుకోవాలి, బరువు నేలను తాకగానే ఆపాలి. అలల వల్ల మట్టం కదులుతుంటే పంపు ఆపి, నీళ్లు తేరుకున్నాక కొలవడం మేలు.

రెండో మెట్టు: మామూలు సగటు, అది ఎందుకు సరిపోతుంది

మన పూల్ పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. మెరక కొసన నీళ్ల లోతు 0.9 మీటరు, లోతు కొసన 1.8 మీటర్లు. గోడలు నిలువుగా ఉన్నాయి.

```
సగటు లోతు = (0.9 + 1.8) ÷ 2 = 1.35 మీ.
నీళ్లు = 10 × 5 × 1.35 = 67.5 ఘనపు మీటర్లు
```

ఒక ఘనపు మీటరు అంటే 1,000 లీటర్లు. కాబట్టి 67,500 లీటర్లు. అడుగుల్లో కొలిచినవాళ్లు వచ్చిన ఘనపు అడుగులను 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. కొలతలు కొన్ని అడుగుల్లో, కొన్ని మీటర్లలో కలిపేయకుండా ఉంటే చాలు.

ఇందులో సగటు ఎందుకు పనిచేస్తుందంటే, ఇలాంటి నీటి దిమ్మే ఇంకొకటి ఉందనుకుని, దాన్ని తిరగేసి, కొసలు మార్చి మొదటిదాని కింద అతికించామనుకోండి. మెరక కింద లోతు, లోతు కింద మెరక వస్తాయి. ఎక్కడ చూసినా మొత్తం మందం 0.9, 1.8 కలిపి 2.7 మీటర్లే. అంటే రెండూ కలిసి నిండైన ఒక పెట్టె ఆకారం అయ్యాయి. ఒక్కో దిమ్మె అందులో సరిగ్గా సగం, 1.35 మీటర్ల లోతున్న పెట్టెతో సమానం.

అయితే ఆ రెండూ సందు లేకుండా అతకాలంటే నేల ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒకే వాలులో, వంపు లేకుండా దిగాలి. గోడలు నిలువుగా, వెడల్పు అంతటా ఒకటిగా ఉండాలి. ఈ షరతులు నెరవేరితే ఈ లెక్క అంచనా కాదు, కచ్చితమైనదే. నెరవేరకపోతే ఎంత జాగ్రత్తగా కొలిచినా తప్పు వస్తుంది. ఎందుకంటే తప్పు టేపులో లేదు, ఆకారంలో ఉంది.

మూడో మెట్టు: వాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

నిజానికి మొదటి కొస నుంచి చివరి కొస దాకా ఒకే వాలుతో ఉండే పూల్స్ తక్కువే. మెరక కొసన కొంత దూరం నేల చదునుగా సాగుతుంది, తర్వాత వాలు మొదలవుతుంది, లోతు కొసన మళ్లీ కొంత చదును ఉంటుంది. వాలు మొదలయ్యే చోటును, ముగిసే చోటును విరుపులు అందాం. పూల్‌లో నడిస్తే విరుపు కాలికి ఇట్టే తెలుస్తుంది. దిగడం ఇష్టం లేకపోతే కర్రను అర మీటరుకోసారి దింపుకుంటూ వెళ్లండి, లోతు ఒక్కసారిగా మారడం మొదలయ్యే చోటే విరుపు.

మన పూల్‌నే తీసుకుందాం. కొలిచి చూస్తే మెరక వైపు మొదటి 4 మీటర్లు 0.9 మీటరు లోతుతో చదునుగా ఉంది. తర్వాతి 4 మీటర్లలో నేల 0.9 నుంచి 1.8కి దిగింది. మిగిలిన 2 మీటర్లు 1.8 లోతుతో చదును. ఇప్పుడు పూల్‌ను మూడు ముక్కలుగా చూడాలి. చదును ముక్కలకు సగటుతో పని లేదు. వాలు ముక్కకు మాత్రమే సగటు.

```
మెరక చదును : 4 × 5 × 0.9  = 18
వాలు       : 4 × 5 × 1.35 = 27
లోతు చదును : 2 × 5 × 1.8  = 18
మొత్తం                    = 63 ఘనపు మీటర్లు
```

63,000 లీటర్లు. కొసల సగటుతో వచ్చింది 67,500. తేడా 4,500 లీటర్లు, అంటే అసలు నీళ్లలో ఏడు శాతం. రెండు లెక్కల్లోనూ వాడింది అవే రెండు లోతులు, 0.9, 1.8. మారింది ఒక్కటే, ఏ లోతు ఎంత దూరం సాగిందన్నది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొసల సగటు చాలదని తెలిసి, విరుపుల దగ్గర కూడా కొలుస్తారు. అప్పుడు 0.9, 0.9, 1.8, 1.8 అని నాలుగు అంకెలు వస్తాయి. వాటిని కూడి నాలుగుతో భాగిస్తారు. మళ్లీ 1.35 వస్తుంది! రెండు చోట్ల కొలిచినా నాలుగు చోట్ల కొలిచినా ఒకే జవాబు వచ్చింది కాబట్టి ఇదే సరైనదని ధీమా పడిపోతారు. కానీ ఒక్కో అంకె ఎంత పొడవుకు వర్తిస్తుందో చూడకుండా కూడితే ఎన్ని అంకెలున్నా లాభం లేదు. ఈ పూల్ అసలు సగటు లోతు 63ను 50 చదరపు మీటర్ల వైశాల్యంతో భాగిస్తే వచ్చే 1.26 మీటర్లు.

ముక్కలు ముక్కలుగా లెక్క వేసే ఓపిక లేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. రెండు చదునుల పొడవుల తేడాను మొత్తం పొడవుకు రెట్టింపుతో భాగించి, దాన్ని రెండు లోతుల తేడాతో గుణించాలి. మన పూల్‌లో (4 − 2) ÷ 20 × 0.9 = 0.09 మీటరు. కొసల సగటు 1.35 లోంచి ఈ 0.09 తీసేస్తే 1.26. మెరక చదును పొడవైతే తీసేయాలి, లోతు చదును పొడవైతే కలపాలి. రెండు చదునులూ సమానమైతే సవరణ సున్నా. అందుకే కొన్ని పూల్స్‌లో నేల వంపులు తిరిగి ఉన్నా మామూలు సగటు సరిగ్గా సరిపోతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మీ పూల్‌లో తప్పు ఎటు వైపు ఉందో కొలవకముందే చెప్పేయొచ్చు.

విరుపు దొరక్కపోతే

కుంటల్లో, పాత పూల్స్‌లో వాలు మెల్లగా వంగుతూ పోతుంది, విరుపు ఇక్కడేనని చెప్పలేం. అప్పుడు పొడవునంతా సమాన దూరాల్లో లోతులు తీసుకోవాలి. మన పూల్‌నే రెండు మీటర్లకోసారి కొలిస్తే వచ్చే ఆరు లోతులు ఇవి: 0.9, 0.9, 0.9, 1.35, 1.8, 1.8.

వీటిని నేరుగా కూడి ఆరుతో భాగిస్తే 1.275 వస్తుంది. కాస్త ఎక్కువ. కారణం, నడిమి లోతులు ఒక్కోటి అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు, మొత్తం రెండు మీటర్ల నీటికి లెక్క చెబుతాయి. కొసల దగ్గరివి మాత్రం ఒక వైపు ఒక మీటరుకే. కాబట్టి కొస అంకెలను సగమే లెక్కలోకి తీసుకోవాలి.

```
0.45 + 0.9 + 0.9 + 1.35 + 1.8 + 0.9 = 6.3
6.3 ÷ 5 = 1.26 మీ.
```

భాగించేది ఆరుతో కాదు, ఐదుతో, అంటే మధ్య ఉన్న దూరాల సంఖ్యతో. ముక్కలుగా చేసిన జవాబే వచ్చింది చూశారా. ఇక్కడ విరుపులు సరిగ్గా కొలిచిన చోట్లే పడ్డాయి కాబట్టి అచ్చంగా కుదిరింది. పడకపోయినా తేడా చిన్నదే ఉంటుంది. వెడల్పుకు అడ్డంగా కూడా లోతు మారుతుంటే మధ్యలో ఒక వరుస, చెరో పక్కన ఒక వరుస కొలిచి ఇలాగే చేయాలి.

వెడల్పు మారే పూల్‌లో సగటు వెడల్పును, సగటు లోతును విడివిడిగా కట్టి గుణించడం కన్నా, కొలిచిన ప్రతి చోటా అక్కడి వెడల్పును అక్కడి లోతుతో గుణించి, ఆ లబ్ధాలకు పై పద్ధతి వాడటం నయం. లోతైన వైపే వెడల్పు కూడా ఎక్కువైతే విడివిడి సగటులు నీళ్లను తక్కువ చూపిస్తాయి.

మెట్లు, మూలల గుండ్రం

వీటి గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. మన పూల్‌లో మెరక గోడకు ఒకటిన్నర మీటర్ల వెడల్పుతో మూడు మెట్లున్నాయి, ఒక్కోదాని మీద కాలు పెట్టే చోటు 30 సెంటీమీటర్లు, నేల నుంచి ఎత్తులు 22.5, 45, 67.5 సెంటీమీటర్లు, మూడూ కూడితే 1.35 మీటర్లు. అవి ఆక్రమించే చోటు 1.5 × 0.3 × 1.35, అంటే 0.6 ఘనపు మీటరు. గోడ నేలను కలిసే చోట 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పి ఉంటే, చుట్టూ 30 మీటర్లకు కలిపి ఇంకో 0.6 పోతుంది. రెండూ కలిపి 1.2, అంటే రెండు శాతం. తీసేస్తే దాదాపు 62 ఘనపు మీటర్లు, 62,000 లీటర్లు. తీసేయడం మంచిదే కానీ, విరుపులు పట్టించుకోకుండా మెట్లు కొలుస్తూ కూర్చుంటే పెద్ద తప్పును వదిలి చిన్నదాన్ని దిద్దినట్టే.

కుంట: గట్లు వాలుగా ఉన్నప్పుడు

మట్టి కుంటలో గట్లు నిలువుగా నిలవవు. అందుకే ఇక్కడ మామూలు సగటు ఎక్కువగా మోసం చేస్తుంది. నీటి మట్టం దగ్గర 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పున్న కుంట తీసుకుందాం. నేల ఒక కొసన 0.8 మీటరు, ఇంకో కొసన 1.2 మీటర్ల లోతు. గట్లు ఒక మీటరు దిగడానికి ఒకటిన్నర మీటర్లు లోపలికి జరుగుతాయి.

ముందు లోతు ఎక్కడ కొలవాలన్నది తేల్చుకోవాలి. నీటి అంచున లోతు సున్నా. అక్కడి నుంచి గట్టు వాలు వెంట దిగి, వాలు ముగిసి నేల మొదలయ్యే పాదం దగ్గర కొలిచిన లోతే ఆ కొస లోతు. అంచు దగ్గర కర్ర పెట్టి మెరక కొస లోతు 0.3 అని రాసుకుంటే, అది నేల లోతు కాదు, గట్టు వాలు మీద ఎక్కడో ఒక చోటి లోతు.

సగటు లోతు 1.0 మీటరు. ఇప్పుడు పై కొలతలతో గుణిస్తే 20 × 12 × 1.0 = 240 ఘనపు మీటర్లు. కానీ కిందికి పోయే కొద్దీ కుంట ఇరుకవుతుంది. అందుకే పొడవు, వెడల్పులను పైన కాకుండా సగం లోతు దగ్గర తీసుకోవాలి. సగం లోతు 0.5 మీటరు. అక్కడికి ఒక్కో గట్టు 0.5 × 1.5 = 0.75 మీటరు లోపలికి వస్తుంది, రెండు వైపులా కలిపి 1.5 మీటర్లు.

```
సగం లోతులో పొడవు    = 20 − 1.5 = 18.5
సగం లోతులో వెడల్పు  = 12 − 1.5 = 10.5
నీళ్లు = 18.5 × 10.5 × 1.0 ≈ 194 ఘనపు మీటర్లు
```

240కీ 194కీ మధ్య తేడా 46,000 లీటర్లు. ఘనపు మీటరుకు 2 గ్రాముల చొప్పున మందు వేయాల్సి ఉంటే, వేయాల్సింది 388 గ్రాములు. పై కొలతల లెక్క నమ్మితే 480 గ్రాములు పడతాయి, దాదాపు పావు వంతు ఎక్కువ. తప్పు ఎప్పుడూ ఎక్కువ మోతాదు వైపే ఉంటుంది కాబట్టి కుంట లెక్కలో ఈ మెట్టు దాటవేయకూడదు. గట్టు వాలు ఎంతో తెలియకపోతే అంచు నుంచి పాదం దాకా అడ్డంగా ఎంత దూరముందో కొలిచి, దాంట్లో సగాన్ని ఒక్కో వైపు తీసేస్తే సరిపోతుంది. గట్లు కొట్టుకుపోయి నాలుగు వైపులా వేర్వేరు వాలుగా ఉంటే ఏ వైపుకు ఆ వైపే కొలవాలి.

లెక్క సరైనదేనా అని తేల్చుకోవడం

నీళ్ల మీటరు ఉంటే ఖాళీగా ఉన్నప్పటి నుంచి నింపి, మీటరు అంకెల తేడా చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైనది. పూల్ ఖాళీ చేసే వీల్లేకపోతే ఉప్పుతో చూడొచ్చు. ఇది పూల్‌కే, చేపలూ మొక్కలూ ఉన్న కుంటకు కాదు. ముందు ఉప్పు మీటరుతో నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడాలి. తూకం వేసిన 20 కిలోల శుభ్రమైన ఉప్పు చల్లి, పూర్తిగా కరిగి అంతటా కలిసేలా పంపును ఒక రోజు నడిపించి, అదే మీటరుతో మళ్లీ చూడాలి. ఒక పీపీఎం అంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము. కాబట్టి వేసిన గ్రాములను పెరిగిన పీపీఎంతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి.

మన పూల్‌లో 62 ఘనపు మీటర్లే ఉంటే పెరుగుదల 20,000 ÷ 62, దాదాపు 323 పీపీఎం ఉండాలి. కొసల సగటు చెప్పినట్టు 67.5 ఉంటే 296 చూపించాలి. తేడా 27 మాత్రమే కాబట్టి పది పది చొప్పున చూపించే మీటరు కావాలి. రంగు మారే కాగితపు పట్టీలతో ఈ తేడా పట్టుబడదు. మీటరు అంత నిలకడగా లేదనిపిస్తే, పూల్‌కు ఉప్పు ఇబ్బంది కాకపోతే, ఉప్పు రెట్టింపు చేయండి, తేడా కూడా రెట్టింపవుతుంది. ఒక మూలన ఒకటి, ఇంకో మూలన ఇంకోటి చూపిస్తుంటే ఉప్పు ఇంకా కలవలేదన్నమాట. లోతు కొసన అడుగున ఉప్పగా పేరుకుని ఉంటుంది, పంపును ఇంకాసేపు నడపాలి.

కొలిచిన రోజు నీటి మట్టం ఎక్కడుందో గోడ మీద చెరగని గీత పెట్టుకోండి, ఎందుకంటే తేల్చిన లీటర్లు ఆ మట్టానికే చెల్లుతాయి. మన పూల్ నీటి పై వైశాల్యం 50 చదరపు మీటర్లు, అంటే గీత నుంచి ఒక్కో సెంటీమీటరు దిగితే 500 లీటర్లు తగ్గినట్టు. మందు వేసే రోజు మట్టం గీతకు 8 సెంటీమీటర్ల కిందుంటే 62,000 లోంచి 4,000 తీసేసి 58,000 లీటర్లకే మోతాదు కట్టాలి. నిలువు గోడల పూల్‌లో ఈ 500 చివరిదాకా మారదు. కుంటలో మట్టం దిగే కొద్దీ పై వైశాల్యం కూడా తగ్గుతుంది కాబట్టి, పది పదిహేను సెంటీమీటర్లు దాటి దిగితే కొత్త నీటి అంచు దగ్గర పొడవు, వెడల్పులు, పాదాల దగ్గర లోతులు మళ్లీ కొలిచి లెక్క వేయాల్సిందే.